ఈ పాటలో మాట్లాడుతున్నది ఎవరు?

బ్రిటిష్ రాక్ బృందం ‘ద హూ’ 1971 ఆగస్టులో ‘హూజ్ నెక్స్ట్’ అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో మొదటి పాట ‘బాబా ఓరైలీ’. ఐదు నిమిషాల పాట. గాయకుడు నోరు విప్పడానికే నిమిషం దాటుతుంది. ఈ యాభై ఏళ్లలో ఇది కుర్రకారు జెండా పాటైపోయింది. అమెరికాలో ఆటల స్టేడియాల్లో జనాన్ని ఉర్రూతలూగించడానికి దీన్ని వేస్తారు. ‘సీఎస్‌ఐ న్యూయార్క్’ అనే టీవీ సీరియల్‌కు ఇదే టైటిల్ సాంగ్. పల్లవి లాంటి భాగం రాగానే వేల గొంతులు కలుస్తాయి, పిడికిళ్లు పైకి లేస్తాయి.

పాట రాసిన పీట్ టౌన్‌షెండ్ మాత్రం ఇది సంబరం కాదంటాడు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో మత్తులో మునిగి దిక్కుతోచకుండా పడివున్న కుర్రవాళ్లను చూసి కలిగిన దుఃఖమే పాటైందని, జనం దాన్ని పండగ పాటగా తీసుకున్నారని చాలాసార్లు చెప్పాడు. మరి జనం పొరబడ్డారా? కవి చెప్పాడు కాబట్టి అదే చివరిమాటా? ఒక్క పాటను పట్టుకుని, కవితను చదివినంత నిదానంగా చదివితే జవాబు దొరుకుతుందని నా నమ్మకం. ఆ జవాబు ఇద్దరిలో ఏ ఒక్కరి పక్షాన్నీ పూర్తిగా నిలబడదు.

రాక్ పాటను కవితగా చదవవచ్చా అన్నది పాత తగువే. 1969లో అమెరికన్ విమర్శకుడు రిచర్డ్ గోల్డ్‌స్టీన్ రాక్ పాటల సాహిత్యాన్ని ఏర్చి కూర్చి ‘ద పొయెట్రీ ఆఫ్ రాక్’ అనే సంకలనం వేశాడు. పాటలోంచి మాటల్ని విడదీసి కాగితం మీద పెడితే వాటి ప్రాణం పోతుందని, పాటకు మంచి సాహిత్యం వేరు, మంచి కవిత వేరని బ్రిటిష్ పండితుడు సైమన్ ఫ్రిత్ వాదించాడు. 2016లో బాబ్ డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ ఇచ్చాక కూడా ఈ చర్చ ఆగలేదు. పద్యాన్ని రాగం తీసి పాడుకున్నవాళ్లం, దేవులపల్లి, శ్రీశ్రీ సినిమాకు రాసినా వాళ్లను కవులుగానే చూసినవాళ్లం. మనకు ఈ తగువు కొంచెం వింతగానే ఉంటుంది. అయినా ఫ్రిత్ మాటలో నిజముంది. రాక్ పాటలో సగం అర్థం గొంతులో, వాయిద్యంలో ఉంటుంది. కాబట్టి కాగితం చదువుతూనే చెవి కూడా తెరిచి ఉంచుకోవాలి. ‘బాబా ఓరైలీ’ విషయంలో ఇది మరీ అవసరం. ఎందుకంటే ఇందులో ఒకటి కాదు, రెండు గొంతులున్నాయి.

మొదటి గొంతు రోజర్ డాల్ట్రీది. బొంగురుగా, బలంగా, ఛాతీలోంచి వచ్చే గొంతు. ఆ గొంతు ఏం చెబుతోంది? తాను పొలాల్లో ఉన్నానంటోంది. తిండి కోసం పోరాడుతున్నానని, వీపు వంచి బతుకుతున్నానని చెబుతోంది. తన మాట సరైనదని నిరూపించుకోవడానికి ఎవరితోనూ పోట్లాడక్కర్లేదని, ఎవరి క్షమాపణా తనకు అవసరం లేదని తేల్చేస్తోంది. మొదటి చరణమంతా ఇంతే. చిన్న చిన్న మాటలు, దాదాపు అలంకారాలు లేవు.

ఈ మాటలు పదిహేడేళ్ల కుర్రవాడి నోట విని చూడండి. ఇంట్లో నాన్నతో మాటా మాటా పెరిగి తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోయేవాడి మాటల్లా ఉంటాయి. నేను తప్పు చేయలేదు, మీరు క్షమించనక్కర్లేదు అన్న పొగరు, దాని కింద గాయం, రెండూ వినిపిస్తాయి. పొలం అప్పుడు నిజమైన పొలం కాదు, బతుకనే యుద్ధరంగం. అదే మాటల్ని నలభై ఏళ్లు దాటిన రైతు నోట వినండి. పొలం నిజంగా పొలమే. తిండి కోసం పోరాటం నిజంగా కూటి కోసం కష్టమే. ఎవరికీ ఏమీ నిరూపించక్కర్లేదన్న మాటలో పొగరు పోయి, తన పని తాను చేసుకునేవాడి నిబ్బరం వస్తుంది. మాట మారలేదు. మాట్లాడేవాడు మారాడు, అర్థం తలకిందులైంది.

నిజానికి టౌన్‌షెండ్ రాసింది రైతు కోసమే. ‘లైఫ్‌హౌస్’ అనే పెద్ద కథ ఒకటి ఆయన తలపెట్టాడు. అందులో వాతావరణం కలుషితమై నగర జనం ఇళ్లలోనే ఉండిపోతారు. ఒక రకం దుస్తులు తొడుక్కుని, ‘గ్రిడ్’ అనే వ్యవస్థకు తగులుకుని, దాని ద్వారా అందే అనుభవాల మీద బతుకుతారు. ఆ వ్యవస్థకు బయట స్కాట్లాండ్‌లో సేద్యం చేసుకునే రే అనే రైతు, భార్య శాలీతో, పిల్లలతో లండన్‌కు బయల్దేరతాడు. ఆ ప్రయాణం మొదట్లో అతను పాడేదే ఈ పాట. ఆ కథను సినిమాగా, కచేరీగా తీసుకురావాలని 1971లో లండన్‌లోని యంగ్ విక్ థియేటర్‌లో ప్రయత్నాలు జరిగాయి. అది ఎవరికీ అంతుపట్టక కూలిపోయింది. మిగిలిన పాటలే ‘హూజ్ నెక్స్ట్’ ఆల్బమ్ అయ్యాయి.

రాక్ సాహిత్యం చదివేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇలాంటి చోటే. వెనక కథ తెలియగానే తాళంచెవి దొరికినట్టు అనిపిస్తుంది. ఇది రైతు పాట, కుర్రవాళ్లకు సంబంధం లేదు అని తేల్చేయాలనిపిస్తుంది. కానీ రికార్డు కొన్నవాడి చేతికి రే రాలేదు, స్కాట్లాండ్ రాలేదు. శాలీ పేరు ఒక్కటే పాటలో మిగిలింది. మిగతా గుర్తులన్నీ కథతో పాటే పోయాయి కాబట్టి ‘నేను’ అన్న మాట ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి వినేవాడు సులువుగా దూరగలిగాడు. టౌన్‌షెండ్ కావాలని చేసిన సందిగ్ధత కాదది. కథ కూలిపోవడం వల్ల వచ్చింది. అయినా పాటకు అది బలమే అయింది. కవి ఉద్దేశం తెలుసుకోవడం మంచిదే కానీ, అచ్చయిన పాటలో ఆధారం లేని ఉద్దేశాన్ని పాట నెత్తిన రుద్దకూడదు.

ఇక మధ్య భాగం. ఇక్కడ డ్రమ్స్ హోరు తగ్గుతుంది, గొంతు మారుతుంది. పాడేది టౌన్‌షెండ్. సన్నగా, కొంచెం పైస్థాయిలో, వణుకు దాచుకున్నట్టుండే గొంతు. ఏడవొద్దు అంటుంది. కళ్లు పైకెత్తొద్దు అంటుంది. ఇదంతా టీనేజ్ వాళ్ల బీడు, అంతే అంటుంది.

నాకు ఈ పాటలో అన్నిటికన్నా లోతైన చోటు ఇదే. ఏడవొద్దనడం ఓదార్పు. మరి కళ్లెత్తొద్దనడం? కన్నీళ్లు కనిపిస్తాయనా? చుట్టూ ఉన్నది చూస్తే తట్టుకోలేవనా? తల వంచుకుని ఊరుకోమనా? ఒకే ఊపిరిలో లాలన, మందలింపు రెండూ ఉన్నాయి. ఆ తర్వాత ఆ ‘అంతే’ అనే ధోరణి చూడండి. భయపడకు, ఇది బీడే కదా అనడం ఎంత విడ్డూరమైన ఓదార్పు! బీడు మామూలు సంగతైపోయిందని అందులో ఒప్పుకోలు ఉంది. ఈ మాటలు అంటున్నది పెద్దవాడా, పక్కనే కూర్చున్న ఇంకో కుర్రవాడా అన్నది పాట చెప్పదు. పెద్దవాడైతే అది జాలి. తోటివాడైతే అది ఒకే గోతిలో పడ్డ ఇద్దరి మధ్య సానుభూతి. వేల మంది కలిసి పాడేటప్పుడు రెండో అర్థమే పైకి వస్తుంది. ఒంటరిగా గదిలో వింటే మొదటిది. టీనేజర్ అన్న మాట రావడం కూడా ఇక్కడి నుంచే. మొదటి చరణంలో వయసు ప్రస్తావనే లేదు. అంటే పాటలో కుర్రవాళ్లు తమను గురించి తాము చెప్పుకోవడం లేదు. వాళ్లను ఎవరో చూసి చెబుతున్నారు. వాళ్ల పరాయితనం ఆ చూపులోనే కనబడుతోంది.

బీడు అనే బింబం ఇంగ్లిష్ కవిత్వంలో ఊరికే రాదు. 1922లో టి.ఎస్. ఎలియట్ మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి యూరప్‌ను బీడుతో పోల్చి అదే పేరుతో దీర్ఘకవిత రాశాడు. అప్పటి నుంచి ఆ మాటకు నాగరికత ఎండిపోవడం అనే బరువు అంటుకుంది. టౌన్‌షెండ్ పుట్టింది 1945 మే నెలలో, యూరప్‌లో రెండో యుద్ధం ముగిసిన కొద్ది రోజులకు. ఆ తరం పెరిగి పెద్దయ్యేసరికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ కూడా ఎత్తేశారు. కుర్రవాళ్ల చేతిలో కాస్త జీతం డబ్బు, రికార్డులు, బట్టలు, స్కూటర్లు ఉన్నాయి. మీరు ఫలానా పనికి కావాలి అని పిలిచేవాళ్లు లేరు. ఎలియట్ బీడులో వయసు మళ్లిన నాగరికత ఉంటే, టౌన్‌షెండ్ బీడులో ఇంకా మొలకెత్తని వాళ్లున్నారు. మొదటి చరణంలో పండే పొలం, పల్లవిలో పండని నేల. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడమే పాటలోని అసలు పని. పొలంలో ఉన్నవాడికి ఆకలి ఉంది కానీ తనెవరో తెలుసు. బీడులో ఉన్నవాళ్లకు అది తెలియదు.

తర్వాతి చరణంలో ప్రయాణం మొదలవుతుంది. శాలీ చెయ్యి పట్టుకోమంటాడు. దేశానికి అడ్డంగా దక్షిణ దిక్కుకు పోదామంటాడు. నిప్పు ఆర్పమంటాడు, భుజం మీదుగా వెనక్కి చూడవద్దంటాడు. నిప్పు ఆర్పడం అంటే పొయ్యి ఆర్పడం, ఇల్లు వదిలేయడం. మళ్లీ తిరిగి రాము అన్న నిర్ణయం అందులోనే ఉంది. వెనక్కి చూడొద్దన్న మాట బైబిల్ తెలిసినవాళ్ల చెవిని వెంటనే తాకుతుంది. కాలిపోతున్న సొదొమ పట్టణం నుంచి పారిపోతూ వెనుదిరిగి చూసిన లోతు భార్య ఉప్పు స్తంభమైపోతుంది. ఆ వెంటనే పాటలో మహా వలస మాట కూడా వస్తుంది. మోషే తన జనాన్ని ఐగుప్తు నుంచి నడిపించుకుపోయిన కథ పేరే అది. బైబిల్ వలసలో చివర పాలు తేనెలు ప్రవహించే దేశం ఉంది. ఇక్కడ ఉన్నదల్లా సంతోషంగా ఉన్నవాళ్లు దగ్గరలోనే ఉన్నారన్న కబురు. ఎవరా సంతోషవంతులు? నిజంగా దారి దొరికినవాళ్లా, మత్తులో నవ్వుతున్నవాళ్లా?

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. ఇలా ప్రతి మాటకూ రెండేసి అర్థాలు తీస్తూ పోతే హద్దు ఎక్కడ? నేను పాటించే పద్ధతి ఒకటుంది. రెండో అర్థాన్ని పాటలోని మరో చోటు బలపరచాలి. సంతోషవంతుల విషయంలో చివరి కేక ఆ అనుమానాన్ని బలపరుస్తుంది. దాని గురించి కొంచెం ఆగి చెబుతాను. దక్షిణ దిక్కు అన్న మాటకు మాత్రం మృత్యువనీ యమలోకమనీ మనం అర్థం తీయబోతే పాటలో దానికి ఏ ఊతమూ లేదు. అది మన సంప్రదాయంలోంచి మనం తెచ్చిపెట్టింది. స్కాట్లాండ్ నుంచి లండన్ దక్షిణాన ఉంది, అంతే.

ఆ చరణం ముగింపులో ఇంకా ముసలివాళ్లం కాకముందే కలుసుకుందామన్న పిలుపు ఉంది. ద హూ అభిమానులకు ఇది కొత్తగా వినిపించదు. ఆరేళ్ల ముందు, 1965లో, ఇదే బృందం ‘మై జనరేషన్’ పాడింది. అందులో డాల్ట్రీ కావాలని నత్తిగా పాడతాడు. మాట నోట్లో ఇరుక్కుపోతుంది, తర్వాత ఏ బూతు వస్తుందోనని వినేవాడు ఉలిక్కిపడతాడు, తీరా మామూలు మాటే వస్తుంది. చెప్పాలనుకున్నది ఎవరూ చెప్పనివ్వని కుర్రవాడి ఉక్కపోత ఆ నత్తిలో ఉంది. కాగితం మీద ఒకే అక్షరం పదేపదే కనబడుతుంది. గొంతులో అదొక పాత్ర. ఆ పాటలో ప్రసిద్ధమైన కోరిక, ముసలితనం రాకముందే చావు రావాలని. 1971 నాటికి చావు స్థానంలో కలయిక వచ్చింది. ముసలితనం భయం అలాగే ఉంది కానీ, దాని నుంచి తప్పించుకునే దారి మారింది. ఇరవై ఏళ్లవాడి తెగింపు ఇరవై ఆరేళ్లకు తోడు వెతుక్కోవడంగా మారిందని ఈ రెండు పాటల్నీ పక్కపక్కన వింటే తెలుస్తుంది.

ఇక చివరి కేక. పల్లవి మళ్లీ వస్తుంది. బీడు అనే మాట మూడు నాలుగు సార్లు మోగాక, ఆఖర్న గొంతు చించుకుని అదే ధాతువు నుంచి వచ్చిన మరో మాట అరుస్తారు. అంతదాకా నేలకు విశేషణంగా ఉన్నది మనుషుల మీదికి వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటకు వాడుక భాషలో మత్తులో తూలుతున్నవాళ్లు అని అర్థం. మామూలు అర్థం వృథా అయిపోయినవాళ్లు, వ్యర్థంగా ఖర్చయిపోయినవాళ్లు. మన అలంకారికులు దీన్ని శ్లేష అంటారు. ఒక్క మాటలో రెండు అర్థాలూ పూర్తిగా పనిచేస్తున్నాయి. ఒకటి పైది, రెండోది దాగినది అని విడదీయలేం. మొదటి అర్థంలో వింటే అందరూ తాగి ఊగుతున్నారు, పండగ. రెండో అర్థంలో వింటే ఒక తరమంతా చేజారిపోయింది, శోకం. సంబరంగా పాడే జనం ఈ మాటను తప్పుగా వినడం లేదు. సగమే వింటున్నారు. దుఃఖమే రాశానన్న టౌన్‌షెండ్ కూడా తన పాటలోని రెండో సగాన్ని తక్కువచేసి చెబుతున్నాడని నాకనిపిస్తుంది. అంత గట్టిగా, అంత మంది కలిసి అరిచేలా రాసిన మాటలో ఉత్సాహం లేదనడం ఎలా కుదురుతుంది?

ఆ కేక తర్వాత మాటల్లేవు. ‘ఈస్ట్ ఆఫ్ ఈడెన్’ బృందానికి చెందిన డేవ్ అర్బస్ వయొలిన్ అందుకుంటాడు. వయొలిన్ పెట్టాలన్న ఆలోచన డ్రమ్మర్ కీత్ మూన్‌ది. వేగం పెరుగుతూ, పల్లెల్లో తిరునాళ్ల ఆట ఊపందుకున్నట్టు పాట పరుగెత్తి ఆగుతుంది. శ్లేషలో ఏ అర్థాన్ని ఎంచుకోవాలో సంగీతం చెబుతుందేమోనని చూస్తే, అది కూడా రెండింటినీ వదలదు. ఆట ఆనందంగానే ఉంది, కానీ అదుపు తప్పుతున్న ఆనందం.

మొదలు మాటేమిటి? ఆ నిమిషం పైచిలుకు సాగే ఆరంభ వాదనం లోరీ కంపెనీ ఆర్గన్ మీద వాయించింది. అందులో మరింబా రిపీట్ అనే సదుపాయం ఉంది. మీట నొక్కి ఉంచితే స్వరం తనంతట తానే టకటకా పునరావృతమవుతుంది. టౌన్‌షెండ్ దీన్ని ఇంట్లో రికార్డు చేసుకున్నాడు, బృందం ఆ టేపుకు అనుగుణంగా వాయించింది. కచేరీల్లో కీత్ మూన్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ టేపును అనుసరించేవాడు. యంత్రం మనిషి కోసం ఆగదు. మనిషే దాని లయలోకి దూరాలి. గ్రిడ్‌కు తగులుకున్న నగరం గురించి ఒక్క ముక్క తెలియకపోయినా, ఈ ఆరంభం విన్నవాడికి పొలంలోని మనిషి ఎలాంటి లోకంలోకి నడుస్తున్నాడో తెలుస్తుంది.

పాట పేరు పాటలో ఎక్కడా రాదు. చాలామంది పల్లవిలోని బీడు మాటే పేరనుకుంటారు. బాబా అంటే మెహర్ బాబా. 1925 నుంచి 1969లో దేహం చాలించేదాకా మౌనంగా ఉన్న ఆ గురువుకు టౌన్‌షెండ్ శిష్యుడు. గోదావరి జిల్లాల్లో మెహర్ బాబా కేంద్రాలు చూసినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. 1954లో ఆయన ఆంధ్రలో పర్యటించారు కూడా. రైలీ అంటే అమెరికన్ స్వరకర్త టెరీ రైలీ, చిన్న స్వరగుచ్ఛాల్ని తిప్పి తిప్పి వాయించే పద్ధతికి మార్గదర్శి. 1970లో ఆయనే పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర హిందుస్తానీ సంగీతం నేర్చుకోవడానికి చేరాడు. ఒకరు మౌని, ఒకరు ఆవృత్తి సంగీతజ్ఞుడు. గొంతు చించుకునే పాటకు మౌని పేరు పెట్టడంలో టౌన్‌షెండ్ ఏం దాచాడో పేరు చెప్పదు. మెహర్ బాబా మత్తుమందుల్ని గట్టిగా వ్యతిరేకించారన్నది మాత్రం తెలిసిన విషయం. అది గుర్తుంటే చివరి కేకలోని శోకం వైపు ఒక పిసరు బరువు పెరుగుతుంది. అది తెలియని వినికిడి కూడా చెల్లుతుంది, పాట దాన్ని కాదనదు.

2012 ఆగస్టులో లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ద హూ ఈ పాట పాడింది. అప్పటికి డాల్ట్రీకి 68 ఏళ్లు, టౌన్‌షెండ్‌కు 67. పొలంలో ఉన్నానని, ఎవరి క్షమాపణా అక్కర్లేదని ఆ వయసువాడు అన్నప్పుడు 1971లో కథ కూలిపోయి మాయమైన రైతు మళ్లీ వినబడ్డాడు. అది తమ పాటే అనుకుంటున్న కుర్రవాళ్లు స్టేడియం నిండా ఉన్నారు. ఇంకా ముసలివాళ్లం కాకముందే కలుసుకుందాం అన్న చోట మాత్రం ఆ పిలుపు ఎవరు ఎవరిని పిలుస్తున్నదో తేల్చడం 1971లో కన్నా కష్టమైంది.